పాపతో పరదేశం: టీకా కార్డు చెప్పే లెక్క



విజయనగరంలో పిల్లల డాక్టరుగా నా గదిలో ఈమధ్య తరచు వినపడే మాట ఒకటుంది. "బాబూ, వచ్చే నెల గుంట అమెరికా వెళిపోతంది. తొమ్మిదో నెల సూది అక్కడే ఏయించుకుంటామంటన్నారు మావోళ్ళు. అక్కడి మందులు మంచివంట కదా?" అడిగేది ఎక్కువగా అమ్మమ్మో, నాయనమ్మో. పాప తల్లి పక్కనే ఫోనులో టిక్కెట్ల సంగతి చూసుకుంటూ ఉంటుంది. తండ్రి అప్పటికే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. మన ప్రాంతం నుంచి వలస కొత్తది కాదు. ఒకప్పుడు రంగూన్ ఓడలెక్కారు, ఇప్పటికీ గల్ఫుకి వెళ్తున్నారు. వాళ్ళలో చాలామంది మగవాళ్ళే, ఒంటరిగా వెళ్ళినవాళ్ళే. చంటిబిడ్డను చంకనెత్తుకుని వెళ్ళే జంటలు కంప్యూటరు ఉద్యోగాలతో ఎక్కువయ్యారు. అలాంటి ఒక పాప కార్డును ముందు పెట్టుకుని ఈ పూట మాట్లాడతాను. పాప కల్పితం. కార్డు మీద గీతలన్నీ మన ప్రభుత్వ షెడ్యూలు ప్రకారం ఉన్నవే.

పాప 2025 జనవరి 10న విజయనగరం ఘోషా ఆసుపత్రిలో పుట్టిందనుకుందాం. పుట్టిన రోజే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి సూది పడ్డాయి. తర్వాత అమ్మమ్మగారి ఊళ్ళో, మన రాష్ట్రంలో టీకాలు వేసే బుధ, శనివారాల్లో మిగతావి సాగాయి. ఫిబ్రవరి 22న, మార్చి 22న, ఏప్రిల్ 19న పెంటావాలెంట్ మూడు డోసులు, వాటితోపాటు పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు. మొదటిసారి, మూడోసారి మాత్రం న్యుమోనియా టీకా పీసీవీ, చర్మంలోకి వేసే చిన్న పోలియో సూది కూడా. తొమ్మిది నెలలు నిండగానే అక్టోబరు 11, శనివారం నాడు తట్టు-రుబెల్లా సూది, పీసీవీ బూస్టరు, మూడో పోలియో సూది. ఆ నెలాఖరున విమానం. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర తండ్రి ఇల్లు తీసుకున్నాడు.

ఏఎన్‌ఎం అమ్మ ప్రతి గడిలోనూ తేదీ వేసి సంతకం పెట్టింది. ఇక్కడి లెక్కలో ఈ పాప టీకాలన్నీ వేళకు పడ్డ బిడ్డ. నవంబరులో అక్కడి క్లినిక్‌లో నర్సు ఈ కార్డు చూసి, కొన్ని డోసులు చెల్లవు, మళ్ళీ వెయ్యాలి అంటుంది. తల్లికి ప్రాణం ఉసూరుమంటుంది. ఇక్కడి మందు నాసిరకమనా వాళ్ళ ఉద్దేశం? కాదు. ఎందుకు చెల్లవంటారో ఒక్కొక్కటిగా చూద్దాం. అది తెలిస్తే ఇక్కడ ఏది వేయించుకుని వెళ్ళాలి, దేనికి డబ్బు తగలెయ్యక్కర్లేదు అన్నది కూడా తేలిపోతుంది.

తట్టు-రుబెల్లా సూదితో మొదలుపెడతాను. మన దేశంలో దీన్ని తొమ్మిది నెలలకు వేస్తాం. అమెరికాలో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడూ కలిసిన ఎంఎంఆర్ టీకా ఏడాది నిండాకే వేస్తారు. ఏడాది నిండకముందు వేసిన ఏ తట్టు టీకా అయినా అక్కడి లెక్కలోకి రాదు. కారణం తల్లి నుంచి బిడ్డకు వచ్చిన యాంటీబాడీలు. అవి ఇంకా ఒంట్లో ఉండగా టీకా వేస్తే కొందరు పిల్లల్లో సరిగా పట్టదు. మనకు తట్టు ఎక్కువ, ఏడాది దాకా ఆగితే ఈలోగా బిడ్డకు వచ్చేస్తుందన్న భయంతో, కొంతమందిలో పట్టకపోయినా ఫరవాలేదని మనం తొమ్మిదికే వేసి, 16 నెలలు దాటాక రెండోది వేస్తాం. వాళ్ళు ఆగుతారు. రెండూ ఆయా దేశాలకు సరిపడ్డ లెక్కలే.

మరి ఎలాగూ చెల్లదు కదా, మానేద్దామా? మానొద్దు. నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. కాగితం మీద చెల్లకపోవడం వేరు, ఒంట్లో పనిచెయ్యకపోవడం వేరు. తొమ్మిదో నెల సూది వేయించుకున్న పిల్లల్లో ఎక్కువమందికి రక్షణ వస్తుంది. ఆ పాప రద్దీ విమానాశ్రయాల గుండా వెళ్తుంది. దిగేది టెక్సాస్‌లో. 2025లో అదే రాష్ట్రం పశ్చిమ భాగంలో తట్టు రేగి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, టీకా పడని బడి పిల్లలు ఇద్దరు చనిపోయారు. అమెరికా వాళ్ళు కూడా ఆరు నెలలు దాటిన తమ పిల్లల్ని విదేశాలకు తీసుకెళ్ళేటప్పుడు ఒక ముందస్తు డోసు వేయిస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోరు. మన తొమ్మిదో నెల సూది వాళ్ళ దృష్టిలో సరిగ్గా అలాంటిదే. వేయించుకుని వెళ్ళండి. ఏడాది నిండాక అక్కడ ఎంఎంఆర్ మళ్ళీ మొదటి డోసుగా వేస్తారు. ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బిచ్చి తొమ్మిది నెలలకే ఎంఎంఆర్ వేయించినా ఇదే గతి. గవదబిళ్ళల మందు కలిసినంత మాత్రాన డోసు చెల్లదు.

రెండోది హెపటైటిస్-బి. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. పుట్టినరోజున ఒకటి, పెంటావాలెంట్‌లో కలిసి మూడు, మొత్తం నాలుగు పడ్డాయి. అమెరికాలో మూడే వేస్తారు. నాలుగు వేసినా చాలదంటారేం? వాళ్ళ నిబంధన డోసుల సంఖ్య ఒక్కటే చూడదు, ఆఖరి డోసు ఎప్పుడు పడిందన్నదీ చూస్తుంది. ఆఖరిది బిడ్డకు 24 వారాలు నిండాకే పడాలి. మన పాపకు ఆఖరిది ఏప్రిల్ 19న, అంటే 14 వారాలప్పుడు పడింది. 24 వారాలు నిండేది జూన్ 27న. ఆ తేదీ తర్వాత ఒక్క డోసు పడితే చాలు, లెక్క పూర్తయిపోతుంది. మొదటినుంచీ మళ్ళీ వెయ్యక్కర్లేదు. ఇది అన్ని టీకాలకూ వర్తించే సూత్రం. మధ్యలో ఎంత ఆలస్యమైనా, సరిగ్గా పడ్డ పాత డోసులు పోవు, మిగిలినవి వేసుకుంటూ పోవడమే. ఏ క్లినిక్‌లోనైనా "అన్నీ మొదటినుంచి వేద్దాం" అంటే, కార్డు స్పష్టంగా ఉన్నప్పుడు ఎందుకని మర్యాదగా అడగండి. చాలాసార్లు కార్డు అర్థంకాకే అలా అంటారు.

అర్థంకాకపోవడం అన్నాను కదా, పెంటావాలెంట్ దానికి మంచి ఉదాహరణ. మన పెంటావాలెంట్‌లో ఐదు మందులు: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్. అమెరికాలో పెంటాసెల్ అని ఇంకో ఐదు మందుల టీకా ఉంది. అందులో హెపటైటిస్-బి ఉండదు, దాని బదులు పోలియో ఉంటుంది. మన కార్డు మీద "పెంటా-1" అని ఉంటే, హడావిడిలో ఉన్న నర్సు కంప్యూటర్‌లో పెంటాసెల్ నొక్కేస్తుంది. పాపకు పడని పోలియో పడ్డట్టు, పడ్డ హెపటైటిస్-బి పడనట్టు రికార్డవుతుంది. ఏళ్ళ తర్వాత బడిలో చేర్చేటప్పుడు గాని ఆ తప్పు బయటపడదు. అందుకని "పెంటా" అని కాకుండా అందులోని ఐదు పేర్లూ విడివిడిగా రాయించుకోవాలి. కోరింత దగ్గు మందు మన దగ్గర పాత రకం, పూర్తి కణాలతో చేసింది. వాళ్ళు వాడేది వేరే రకం. అయినా మన డోసులు అక్కడ పూర్తిగా చెల్లుతాయి. మన పాపకు మూడూ చెల్లాయి, నాలుగోది 15 నుంచి 18 నెలల మధ్య.

పోలియో దగ్గర చిక్కు ఎక్కువ. 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా పోలియో చుక్కల మందును మార్చారు. అంతకుముందు మూడు రకాల పోలియోకి పనిచేసే చుక్కలుండేవి. అప్పటినుంచి రెండు రకాలకే పనిచేసేవి వేస్తున్నాం. రెండో రకం లోటు తీర్చడానికే చర్మంలోకి వేసే సూది వచ్చింది. మూడు రకాల రక్షణ ఉన్న టీకానే అమెరికా లెక్కిస్తుంది కాబట్టి మన కార్డు మీది చుక్కలు గాని, పల్స్ పోలియో ఆదివారాల్లో వేసినవి గాని అక్కడ ఒక్కటీ చెల్లవు. చర్మంలోకి వేసే సూదిలో పూర్తి డోసులో ఐదో వంతే, అంటే 0.1 మిల్లీలీటరే ఉంటుంది. అక్కడ వాడుకలో ఉన్నది 0.5 మిల్లీలీటర్ల పూర్తి డోసు. కనుక పోలియో సూదులు మళ్ళీ మొదటినుంచి వేస్తామంటే కంగారు పడకండి. అదనంగా పడ్డ పోలియో సూది బిడ్డకు కీడు చెయ్యదు.

మిగిలినవాటిని తొందరగా చెప్పేస్తాను. పీసీవీ, హిబ్ రెండింటికీ ఏడాది దాటాక ఒక డోసు వాళ్ళ పట్టికలో ఉంది, అది అక్కడ పడుతుంది. రోటావైరస్ చుక్కలు ఎనిమిది నెలలు దాటిన బిడ్డకు అక్కడ వెయ్యరు, కాబట్టి ఇక్కడే వేళకు పూర్తి చెయ్యాలి. చిన్నమ్మవారి టీకా, హెపటైటిస్-ఏ టీకా ఏడాది తర్వాతవే. వాటికోసం వెళ్ళేముందు ఇక్కడ పరుగులు పెట్టక్కర్లేదు. ఒక్క టీకా మాత్రం డబ్బిచ్చైనా ఇక్కడే వేయించమని నేను చెబుతాను. అది టైఫాయిడ్ కాంజుగేట్. మన హైదరాబాదులో తయారయ్యే ఈ టీకాను ఆరు నెలలు దాటిన పిల్లలకు వెయ్యొచ్చు. అమెరికాలో దొరికే టైఫాయిడ్ సూది రెండేళ్ళు నిండితేగాని వెయ్యరు. పండక్కి ఊరొచ్చే బిడ్డకు ఆ రక్షణ ఇక్కడినుంచే వెళ్ళాలి.

బీసీజీ గురించి ఒక మాట. అమెరికాలో అది వెయ్యరు. ఎడమ భుజం మీద మచ్చ చూసి ఇదేమిటని అడిగేవాళ్ళుంటారు. తర్వాతెప్పుడో బడిలోనో, పిల్లల్ని చూసుకునే డే కేర్‌లోనో క్షయ పరీక్ష చేయించమంటారు. చర్మం మీద చేసే పరీక్ష బీసీజీ పడ్డ పిల్లల్లో జబ్బు లేకపోయినా ఉన్నట్టు చూపించొచ్చు. రెండేళ్ళు దాటిన పిల్లలకైతే రక్తపరీక్ష చెయ్యమని అడగండి, దానికి బీసీజీతో పేచీ లేదు.

ఇక కార్డు సంగతి. మన తల్లీబిడ్డల కార్డు తెలుగులో ఉంటుంది, బొమ్మలుంటాయి, నూనె మరకలుంటాయి. మూలప్రతిని పారెయ్యొద్దు. దాన్ని చూసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చేతనో, మీ పిల్లల డాక్టరు చేతనో ఇంగ్లీషులో ఒక పేజీ రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోండి. ఎన్నో నెల అన్నది చాలదు, ప్రతి డోసుకీ తేదీ ఉండాలి. పోలియోకి చుక్కలా సూదా, సూదైతే ఎన్ని మిల్లీలీటర్లు, పీసీవీకి ఏ కంపెనీది అన్నది కూడా ఉంటే మంచిది. మీ ఫోను నంబరుతో యూ-విన్‌లో నమోదై ఉంటే సర్టిఫికెట్ దింపుకోవచ్చు, అదీ జత చెయ్యండి. కార్డు పోయినా ఏఎన్‌ఎం దగ్గర రిజిస్టరు ఉంటుంది. విమానం ఎక్కాక ఆమెను వెతకడం కష్టం, ముందే అడగండి.

నెల పేరు మాత్రం అక్షరాల్లో రాయించండి. అమెరికా వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మన పాప కార్డు మీద 11-10-2025 అని ఉంది. మనకది అక్టోబరు 11. అక్కడి నర్సుకది నవంబరు 10. నవంబరు 5న పాపను చూపించడానికి వెళ్తే, ఇంకా రాని రోజున వేసిన సూది కనిపిస్తుంది ఆమెకు! అప్పుడు నవ్వుకుని సరిదిద్దుకోవచ్చు. నవంబరు 20న వెళ్తే ఎవరికీ అనుమానం కూడా రాదు, తప్పు తేదీ రాష్ట్ర రికార్డులోకి ఎక్కి కూర్చుంటుంది. టెక్సాస్‌లో ఆ రికార్డు పేరు ImmTrac2. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే అందులో చేరుస్తారు. ఒప్పుకోండి, ఇక్కడి డోసులు కూడా ఎక్కించమనండి, ఎక్కించినవాటిని ఒకసారి మీ కళ్ళతో చూడండి.

డాక్టరును వెతకడం పాప వెళ్ళాక మొదలుపెట్టే పని కాదు, తండ్రి అక్కడ ఒక్కడే ఉన్నప్పుడే చెయ్యాల్సింది. ఇక్కడ మనకు అలవాటైన పద్ధతి వేరు. సాయంత్రం కోట జంక్షన్ దగ్గర దిగి, టోకెన్ తీసుకుని, గంట కూర్చుంటే డాక్టరు చూసేస్తాడు. అక్కడ ముందు బీమా. పాప దిగిన తర్వాత ఆఫీసు బీమాలో పేరు చేర్చడానికి సాధారణంగా 30 రోజుల గడువుంటుంది. అది దాటితే మళ్ళీ ఏటా ఒక్కసారి వచ్చే అవకాశం దాకా ఆగాలి. టిక్కెట్టుతోపాటు కొనే ప్రయాణ బీమా టీకాలకు పనికిరాదు. కంపెనీ బీమాలో చేరాక, ఆ బీమా ఒప్పుకునే పిల్లల డాక్టర్ల జాబితాలోంచి ఎంచుకోవాలి. ఫోను చేసి కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నారా, జ్వరమొస్తే అదే రోజు చూస్తారా, రాత్రివేళ ఫోనులో నర్సు దొరుకుతుందా, విదేశీ టీకా కార్డులు చూసిన అలవాటుందా అని అడగాలి. ఈ నాలుగో ప్రశ్నకు తటపటాయిస్తే ఇంకో క్లినిక్ చూసుకోవడం మేలు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి అలవాటున్న క్లినిక్ దొరుకుతుంది. తెలుగు డాక్టరే కావాలని పట్టుబట్టి నెలన్నర ఆగడం కంటే, కార్డు చదవగలిగిన డాక్టరు పదిరోజుల్లో దొరకడం నయం. బీమా లేని పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా టీకాలిచ్చే పథకం ఒకటి 1994 నుంచి ఉంది. బీమా మొదలయ్యేలోగా అవసరమైతే ఆ జిల్లా ఆరోగ్య శాఖను అడగొచ్చు.

ఇంకో సంగతి. అమెరికాలో ప్రభుత్వ సంస్థ సీడీసీ పట్టిక, పిల్లల డాక్టర్ల సంఘం ఏఏపీ పట్టిక ఈమధ్య కొన్నిచోట్ల వేరుపడ్డాయి. మీ డాక్టరు దేన్ని పాటిస్తున్నాడో, డే కేర్‌లో చేర్చడానికి మీ రాష్ట్రం ఏ టీకాలు అడుగుతోందో మొదటి రోజే కనుక్కోండి. లండన్ వెళ్ళేవాళ్ళకు వరస వేరు. అక్కడ టీకాలకు పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళరు, ఇంటి దగ్గరి జీపీ క్లినిక్‌లో పేరు రాయించుకుంటే నర్సు వేస్తుంది. హెల్త్ విజిటర్ అని ఒకామె చంటిపిల్లల బాగోగులు చూస్తుంది, మన ఏఎన్‌ఎం లాగే.

మన పాప దగ్గరికే వద్దాం. నవంబరులో పది నెలల వయసులో మొదటిసారి వెళ్ళినప్పుడు హెపటైటిస్-బి ఆఖరి డోసు, పోలియో పూర్తి డోసు, చలికాలం కాబట్టి ఫ్లూ టీకా. ఫ్లూ మొదటిసారి వేసుకునే పిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. జనవరి 10న ఏడాది నిండుతుంది. ఆ తర్వాతి అపాయింట్‌మెంట్‌లో ఎంఎంఆర్, చిన్నమ్మవారు, హెపటైటిస్-ఏ, పీసీవీ, హిబ్. సెలవులు కలిసొస్తాయని డిసెంబరు చివరి వారంలోనే వేయించేసుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఏడాది నిండకముందు పడ్డ ఎంఎంఆర్ చెల్లదని ఇందాకే చెప్పుకున్నాం. అపాయింట్‌మెంట్ ఇచ్చే అమ్మాయి పుట్టినరోజు చూసుకోకపోవచ్చు, మీరు చూసుకోవాలి.

ఇప్పుడు అమ్మమ్మ లేని ఇల్లు. రాత్రి రెండింటికి పాపకు జ్వరం. శీతాకాలంలో డాలస్‌లో రాత్రి రెండంటే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. అమ్మమ్మ అన్నం తిని అప్పుడే నడుం వాల్చింది. వీడియో ఫోను వెంటనే ఎత్తుతుంది. ఈ పదకొండున్నర గంటల తేడాను చాలామంది కష్టంగానే చూస్తారు గాని, రాత్రి కాపలాకు ఇంతకంటే మంచి మనిషి దొరకదు. పాప ఏడుపు విని ఆకలిదో, నొప్పిదో, నిద్రదో చెప్పగలదు. డొక్కలు ఎగరేస్తోందా, మూత్రం పోసిందా, పాలు పీలుస్తోందా అని అడుగుతుంది. అవి డాక్టరు అడిగే ప్రశ్నలే.

ఫోనులో అడగకూడనిది ఒక్కటే, మందు ఎన్ని మిల్లీలీటర్లు అని. ఎందుకో లెక్క చెబుతాను. మన పాప ఎనిమిది కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసిటమాల్ 120 మిల్లీగ్రాములు కావాలి. మన దగ్గర చంటిపిల్లల డ్రాప్స్ ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటాయి. అంటే 1.2 మిల్లీలీటర్లు. అమ్మమ్మకు అలవాటైన గీత అదే. అమెరికాలో అదే మందును అసిటమినోఫెన్ అంటారు, చంటిపిల్లల సీసాలో ఐదు మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. ఆ 120 కావాలంటే 3.75 మిల్లీలీటర్లు పొయ్యాలి. అమ్మమ్మ చెప్పిన 1.2 పోస్తే మందు మూడోవంతు కూడా పడదు, జ్వరం దిగదు, ఇంటిల్లిపాదీ భయపడతారు. ఇది పోనీ తక్కువ కావడం. ఏడాది తర్వాత ఊరొచ్చినప్పుడు, అక్కడి అలవాటుతో 3.75 మిల్లీలీటర్ల మన డ్రాప్స్ పోస్తే 375 మిల్లీగ్రాములు పడిపోతుంది. ఒక్క డోసులో మూడు రెట్లు. ఇలా రెండు మూడుసార్లు పడితే కాలేయానికి ముప్పు. అక్కడి సీసా మీద రెండేళ్ళ లోపు పిల్లలకు మోతాదు రాయరు, డాక్టరునడగమని ఉంటుంది. మొదటి రోజే పాప బరువు చెప్పి, మిల్లీగ్రాముల్లో రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి. బరువు పెరిగినప్పుడల్లా ఆ కాగితం మారాలి. అక్కడ పొరపాటున ఎక్కువ పడిందనిపిస్తే 1-800-222-1222 విష సమాచార కేంద్రం, రాత్రింబగళ్ళు ఉచితం.

అమ్మమ్మ పెట్టెలో సర్దేవాటి మీద కూడా ఒక మాట. నలుగు పిండి, నెయ్యి, సున్నుండలు సరే. వస కొమ్ము వద్దు, అమెరికాలో దాన్ని ఆహారంలో వాడటానికి వీల్లేదు. సంతలో కొన్న కాటుక, విడిగా అమ్మే పసుపు వద్దు, వాటిలో సీసం ఉండే అవకాశం ఉంది. ఏడాది వయసులో అక్కడి డాక్టర్లు చాలామంది పిల్లల రక్తంలో సీసం పరీక్షిస్తారు. ఎక్కువొస్తే ఇంట్లో ఏమేం వాడుతున్నారని ఆరా తీస్తారు. తేనె నాకించడం ఏడాది లోపు ఎక్కడున్నా వద్దు.

తల్లి సంగతి ఎవరూ అడగరు, అదే నా బెంగ. ఇక్కడ పురిటి స్నానం దగ్గర్నుంచీ చుట్టూ మనుషులు. అక్కడ ఉదయం ఎనిమిదికి భర్త వెళ్తే సాయంత్రం దాకా పాపా తనూ. అమెరికాలో చంటిపిల్లల డాక్టరే ఒక్కోసారి తల్లి చేతికి పది ప్రశ్నల కాగితం ఇస్తాడు. నవ్వొస్తోందా, ఊరికే భయమేస్తోందా, నిద్ర పడుతోందా, తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తోందా అని. 1987లో ఎడిన్‌బరోలో తయారైన ప్రశ్నలవి. మన అమ్మాయిలు ఆ కాగితం మీద అంతా బాగుందని గీతలు గీసి ఇచ్చేస్తారు. వీసా మీద ఉన్నాం, ఏమనుకుంటారో, బిడ్డను తీసుకుపోతారేమో అని భయం. ఆ భయం అక్కర్లేదు. ఉన్నదున్నట్టు రాస్తే డాక్టరు సాయం దొరికే చోటు చెబుతాడు. పాప పది నెలలదయ్యాక వెళ్తే ఆ కాగితం ఇవ్వకపోవచ్చు, అప్పుడు మీరే నోరు తెరిచి చెప్పాలి. తల్లుల కోసమే 1-833-852-6262 అని ఫోను ఉంది, ఏ వేళనైనా ఎత్తుతారు.

అమ్మమ్మను పిలిపించుకోవాలంటే సందర్శక వీసా, హైదరాబాదు కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. దిగాక సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకేసారి వెళ్ళేకంటే, డే కేర్‌లో చేర్చే నెలకు ఒకరు వెళ్ళేలా చూసుకోండి. డే కేర్‌లో చేరిన కొత్తలో పిల్లకు వరసగా జలుబులూ జ్వరాలూ వస్తాయి, తల్లికి సెలవులు అప్పుడే అయిపోతాయి. వెళ్ళే పెద్దవాళ్ళు కనీసం రెండు వారాల ముందు కోరింత దగ్గు బూస్టరు, ఫ్లూ సూది వేయించుకోవాలి. చంటిపిల్లకు ఆ దగ్గు ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచే అంటుతుంది. తాతగారికి రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, పొగచుట్ట దగ్గులే అని కొట్టిపారెయ్యకండి. టిక్కెట్టు కొనేముందు గళ్ళ పరీక్ష చేయించండి, మన ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం.

ఇక పాప సంక్రాంతికి ఊరొచ్చే ఏడాది. ఏడాది దాటాక పడ్డ మొదటి ఎంఎంఆర్‌కి 28 రోజుల తర్వాత రెండోది వేయించుకోవచ్చు, నాలుగేళ్ళ దాకా ఆగక్కర్లేదు, అదీ చెల్లుతుంది. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ వైపు చుట్టాలింటికి వెళ్ళే ఆలోచన ఉంటే మలేరియా మాత్రల సంగతి అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి. జనవరి పండక్కి రావాలంటే ఆ అపాయింట్‌మెంట్ నవంబరులోనే పెట్టుకోండి.